తొమ్మిదిన్నర ఎవరి గడియారంలో?

2025 మార్చి 11, మంగళవారం. కాకినాడలో రాత్రి ఏడు గంటల యాభై ఎనిమిది నిమిషాలు. ఎనిమిదింటి కాల్‌కు రెండు నిమిషాలు ముందే కూర్చుని మీటింగ్ లింకు తెరిచాను. లోపల ఎవరూ లేరు. పక్కనున్న చాట్‌లో మాత్రం రెండు సందేశాలు కనిపించాయి. మొదటిది 7:06కి వచ్చింది: "మీరు వస్తున్నారా?" రెండోది 7:15కి: "మేం వెళ్తున్నాం. ఇంకోసారి చూద్దాం."

మాది పదకొండు మంది పనిచేసే చిన్న ఆఫీసు. ఇనుప చట్రాలతో కట్టే భవనాలకు డ్రాయింగులు గీస్తాం. ఏ దూలం ఎంత పొడవుండాలి, ఏ పలకకు ఎక్కడ బోల్టు రంధ్రం పడాలి అనేదంతా మా డ్రాయింగులో ఉంటుంది. దాన్ని చూసి అమెరికాలోని న్యూజెర్సీలో ఒక వర్క్‌షాపు ఇనుము కోస్తుంది. ఆ వర్క్‌షాపు ప్రాజెక్ట్ మేనేజరే మా క్లయింట్. ప్రతి మంగళవారం ఆయన గడియారంలో ఉదయం తొమ్మిదిన్నరకు మాకు కాల్ ఉంటుంది. నవంబరు నుంచి అది మాకు రాత్రి ఎనిమిది గంటలు. నాలుగు నెలలుగా ఆ వేళకే కూర్చుంటున్నాను. ఫోన్‌లో 7:50కి అలారం కూడా పెట్టుకున్నాను.

ఆ రోజు తేల్చాల్సినవి మూడు ప్రశ్నలు. అందులో ఒకటి రెండో అంతస్తు మెట్ల ల్యాండింగ్ గురించి. అది తేలితే తప్ప శుక్రవారం డ్రాయింగులు పంపలేం. ఆ మాట కోసమే ఆయన తన షాప్ ఫోర్‌మన్‌ను కూడా కూర్చోబెట్టుకున్నారు. ఇద్దరూ పావుగంట ఎదురుచూసి లేచి వెళ్లిపోయారు.

ఆ రాత్రి రాసిన క్షమాపణ మెయిల్ గురించే ఈ వ్యాసం. విదేశీ క్లయింట్లతో పనిచేసే తెలుగువాళ్లలో చాలామందికి ఏదో ఒక మార్చిలో ఇలాంటి మెయిల్ రాయాల్సి వస్తుంది. మన్నించమని అడగడం అందులో తేలికైన భాగం. కొత్త సమయం రాసే చోటే అసలు ప్రమాదం ఉంటుంది. నేను రాసిన మొదటి చిత్తుప్రతి అలాగే పోయి ఉంటే మర్నాడు కూడా నేను కాల్‌కు అందేదాన్ని కాదు.

ఆదివారం తెల్లవారుజామున ఏం జరిగింది

ఆ మంగళవారానికి రెండు రోజుల ముందు, అంటే మార్చి 9 ఆదివారం తెల్లవారుజామున న్యూయార్క్, న్యూజెర్సీ గడియారాలు ఒక గంట ముందుకు దూకాయి. ఒకటీ యాభైతొమ్మిది తర్వాత రెండు కాలేదు, నేరుగా మూడయింది. దీన్నే డేలైట్ సేవింగ్ అంటారు. వేసవిలో తొందరగా తెల్లవారుతుంది కాబట్టి గడియారాన్ని ముందుకు జరిపితే సాయంత్రాలు ఒక గంట వెలుగు ఎక్కువ దొరుకుతుందన్నది దాని వెనకున్న ఆలోచన. అమెరికాలో ఇది మార్చి రెండో ఆదివారం మొదలై నవంబరు మొదటి ఆదివారం ముగుస్తుంది. 2005లో చేసిన చట్టం ప్రకారం 2007 నుంచి ఈ తేదీలు అమల్లో ఉన్నాయి.

మనకు ఈ అలవాటు లేకపోవడానికి కారణం మన ఆకాశంలోనే ఉంది. న్యూయార్క్‌లో జూన్ నెల పగలు పదిహేను గంటలుంటే, డిసెంబరు పగలు తొమ్మిదింబావు గంటలే. కాకినాడలో అత్యంత పొడవైన పగటికీ అత్యంత పొట్టి పగటికీ మధ్య తేడా రెండు గంటలకు కాస్త అటూ ఇటూ. ఆ కొద్దిపాటి తేడా కోసం గడియారం జరపాల్సిన అవసరం మనకు రాలేదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మాత్రం కొన్నేళ్లు మన దేశంలోనూ గడియారాన్ని గంట ముందుకు జరిపారు.  దేశమంతటికీ సమయాన్ని నిర్ణయించే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మా కాకినాడకు దగ్గర నుంచే పోతుంది. ఆ గీత పక్కన పుట్టి పెరిగినవాళ్లకు గడియారం కూడా జరుగుతుందన్న ఊహ సహజంగా రాదు. అందుకే దాన్ని పనిగట్టుకుని గుర్తుపెట్టుకోవాలి.

లెక్క ఇదీ. చలికాలంలో న్యూయార్క్‌కూ మనకూ తేడా పదిన్నర గంటలు. మార్చి రెండో ఆదివారం నుంచి అది తొమ్మిదిన్నర గంటలవుతుంది. ఆయన తొమ్మిదిన్నర ఆయనకు తొమ్మిదిన్నరగానే ఉంటుంది. మనకు మాత్రం రాత్రి ఎనిమిది కాస్తా ఏడవుతుంది. అంటే మార్చిలో కాల్ మనవైపుకు ఒక గంట ముందుకు వస్తుంది, పాత వేళకు కూర్చున్నవాళ్లు గంట ఆలస్యంగా వస్తారు. నవంబరులో దీనికి తిరగబడుతుంది. అప్పుడు పాత వేళకు కూర్చున్నవాళ్లు గంట ముందే వచ్చి ఖాళీ తెర ముందు ఎదురుచూస్తారు, ఆ తర్వాత కాల్ మామూలుగానే జరుగుతుంది. క్షమాపణ మెయిళ్లు నవంబరులో కాక మార్చిలో పోవడానికి కారణం ఇదే.

క్యాలెండర్ ఏ ఊళ్లో పాతుకుంది

కాల్ తప్పిందని తెలియగానే నేను మొదట చూసింది క్యాలెండర్. మంగళవారం గడిలో స్పష్టంగా రాత్రి 7:00 అని ఉంది. క్యాలెండర్ తప్పు చెప్పలేదు. నవంబరులో దాంట్లోంచి "ఎనిమిది" అన్న అంకెను తీసి ఫోన్ అలారంలోకి ఎక్కించుకుని, ఆ తర్వాత క్యాలెండర్ వంక చూడడం మానేశాను. అలారానికి న్యూజెర్సీ సంగతి తెలియదు, దానికి తెలిసింది కాకినాడ ఒక్కటే.

వారం వారం జరిగే కాల్‌ను క్యాలెండర్ ఎలా దాచుకుంటుందో ఒక్కసారి చూస్తే ఈ చిక్కంతా అర్థమవుతుంది. క్లయింట్ పంపిన ఆహ్వానంలో లోపల ఇలాంటి రెండు వరుసలుంటాయి:

```
DTSTART;TZID=America/New_York:20241105T093000
RRULE:FREQ=WEEKLY;BYDAY=TU
```

మొదటి వరుస చెప్పేది న్యూయార్క్ గడియారం ప్రకారం 2024 నవంబరు 5, ఉదయం 9:30 అని. రెండో వరుస చెప్పేది ప్రతి మంగళవారం అని. ఇక్కడ ముఖ్యమైనది `America/New_York` అన్న మాట. ఈ కాల్ న్యూయార్క్ గడియారంలో పాతుకుపోయిందన్నమాట. ఆ గడియారం ఎటు జరిగితే కాల్ కూడా అటే జరుగుతుంది. మన తెర మీద కనిపించే వేళను క్యాలెండర్ ఎప్పటికప్పుడు లెక్కకట్టి చూపిస్తుంది.

ఇదే ఆహ్వానం నేను కాకినాడ నుంచి పంపి ఉంటే అక్కడ `Asia/Kolkata` అని ఉండేది. అప్పుడు కాల్ మన ఎనిమిదింటికి పాతుకుంటుంది. మార్చి రెండో ఆదివారం తర్వాత అది క్లయింట్ తెర మీద తొమ్మిదిన్నరకు బదులు పదిన్నరకు కనిపిస్తుంది. ఆయన అలవాటు కొద్దీ తొమ్మిదిన్నరకే వచ్చి ఎదురుచూసి వెళ్లిపోవచ్చు, లేదా ఆయనకు పదిన్నరకు ఇంకో మీటింగ్ ఉండవచ్చు. రెండిట్లో ఏది జరిగినా కాల్ తప్పినట్టే. అందుకే కాల్ తప్పినప్పుడు ముందు తేల్చుకోవాల్సింది ఆహ్వానం ఎవరి గడియారంలో పాతుకుందనేది. అది తెలియకుండా మెయిల్‌లో కారణం రాస్తే తప్పు కారణం రాసే ప్రమాదముంది. నా విషయంలో ఆహ్వానం ఆయనది, అందులోని సమయం సరైనది, పొరపాటు పూర్తిగా నా వైపుది.

మొదటి చిత్తుప్రతి

ఆ కంగారులో నేను రాసింది ఇది. మెయిల్ ఇంగ్లీషులో రాసిందే, దాని సారం ఇక్కడ తెలుగులో ఇస్తున్నాను.

"ఈ రోజు కాల్ విషయంలో కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. డేలైట్ సేవింగ్ మార్పు వల్ల, నా ఫోన్‌లోని అలారం అప్‌డేట్ కాకపోవడం వల్ల కొంత గందరగోళం ఏర్పడింది. మా దేశంలో ఈ పద్ధతి లేదని మీకు తెలిసే ఉంటుంది. రేపు ఇదే వేళకు, అంటే IST రాత్రి 8:00, EST ఉదయం 9:30కి కాల్ పెట్టుకుందామా? దయచేసి తెలియజేయగలరు."

పంపేముందు మా ఆఫీసులో పెద్దవారైన ఒక ఇంజనీరు గారికి చూపించాను. ఆయన పాతికేళ్లుగా ఈ పనిలో ఉన్నారు. మెయిల్ మొత్తం చదివి సమయం దగ్గర వేలు పెట్టారు.

"ఏమ్మా, ఈ తొమ్మిదిన్నర ఎవరి గడియారంలో?"

"ఆయన గడియారంలోనేనండీ."

"మరి మన ఎనిమిదింటికి రేపు ఆయన గోడ మీద గడియారం ఎంత చూపిస్తుంది?"

వేళ్ల మీద లెక్కపెట్టాను. మన రాత్రి ఎనిమిదిలోంచి తొమ్మిదిన్నర గంటలు తీస్తే ఉదయం పదిన్నర. నేను రాసింది తొమ్మిదిన్నర. ఆ మెయిల్ అలాగే పోయి ఉంటే ఆయన మర్నాడు తన తొమ్మిదిన్నరకు, అంటే మన ఏడింటికి వచ్చి కూర్చునేవారు. నేను ఎనిమిదింటికి వెళ్లేదాన్ని. పొరపాటుకు క్షమాపణ చెప్పే మెయిల్‌లోనే ఆ పొరపాటును మళ్లీ చేస్తున్నానన్నమాట.

ఇందులో దాగిన మోసం EST అన్న మూడు అక్షరాలది. అవి న్యూయార్క్ చలికాలపు సమయానికి పేరు. వేసవి సమయానికి పేరు EDT. అక్షరార్థంలో తీసుకుంటే "EST ఉదయం 9:30" అన్నది మన రాత్రి 8:00కు సరిగ్గా సమానమే. కానీ మార్చి 12న న్యూజెర్సీలో ఎవరూ EST ప్రకారం బతకడం లేదు. అక్కడివాళ్లు కూడా మాటల్లో ఏడాది పొడవునా EST అనే అంటుంటారు, చదివేటప్పుడు మాత్రం తమ గోడ గడియారమే అనుకుంటారు. కాబట్టి ఆ అక్షరాలు రాసినవాడికి ఒక అర్థం, చదివినవాడికి ఇంకో అర్థం. IST సంగతీ అంతే. అది మన దేశానికి చెల్లినట్టే ఇజ్రాయెల్‌కూ, ఐర్లండ్ వేసవి సమయానికీ చెల్లుతుంది.

కంప్యూటర్ కూడా ఇక్కడ మనల్ని కొంచెం తప్పుదారి పట్టిస్తుంది. విండోస్‌లో సమయ మండలాల జాబితా తెరిస్తే న్యూయార్క్ సమయం ఏడాదంతా ఇలాగే కనిపిస్తుంది: `(UTC-05:00) Eastern Time (US & Canada)`. అది చలికాలపు లెక్క. జూలైలో చూసినా అక్కడ మైనస్ ఐదే ఉంటుంది, వేసవిలో నిజమైన తేడా మాత్రం మైనస్ నాలుగు. ఆ లేబుల్ చూసి చేత్తో లెక్క కట్టినవాళ్లకు సరిగ్గా ఒక గంట తేడా వస్తుంది.

మిగతా చిత్తుప్రతిలోనూ లోపాలున్నాయని పెద్దాయన విడమరిచి చెప్పారు. "అసౌకర్యానికి చింతిస్తున్నాం" అంటే రైలు ఆలస్యమైనప్పుడు స్టేషన్‌లో వినిపించే ప్రకటనలా ఉంటుంది, ఎవరు ఏం చేశారో అందులో లేదు. అలారం అప్‌డేట్ కాలేదంటే తప్పు ఫోన్ మీదకు నెట్టినట్టు. మా దేశంలో ఈ పద్ధతి లేదంటే మీ దేశపు అలవాటు వల్లే ఇదంతా అన్నట్టు. ఆయన తన ఊరి గడియారంలో తన వేళకే వచ్చి కూర్చున్నారు. ఆయనకు ఈ మార్పు గురించి పాఠం చెప్పాల్సిన పని లేదు.

వెళ్లిన మెయిల్

రాత్రి 8:40కి మెయిల్ పంపాను. అప్పుడు న్యూజెర్సీలో ఉదయం 11:10. ఆయన ఆఫీసులోనే ఉంటారు, అదే పూట చదువుతారు. మన రాత్రి వేళ ఆలోచిస్తూ మర్నాటి పొద్దుటికి వాయిదా వేసి ఉంటే, అది ఆయనకు నడిరాత్రి చేరేది. తెల్లారి ఆయన దాన్ని తెరిచేసరికి ఒక పూర్తి పనిదినం పోయేది. వెళ్లిన మెయిల్ సారం ఇది:

"విషయం: ఈ ఉదయం 9:30 కాల్‌కు రానందుకు క్షమించండి – రేపటికి కొత్త సమయం

ఈ ఉదయం 9:30 కాల్‌కు నేను రాలేదు. మీరూ మీ ఫోర్‌మన్ గారూ పావుగంట ఎదురుచూశారు. అందుకు క్షమించండి.

ఆదివారం మీ గడియారం మారిన సంగతిని నేను నా వైపు సరిచూసుకోలేదు. మీ ఆహ్వానంలో సమయం సరిగానే ఉంది, పొరపాటు నాది.

ఈ రోజు మాట్లాడాల్సిన మూడు ప్రశ్నలను డ్రాయింగుపై గుర్తులు పెట్టి జతచేశాను. మొదటి రెండింటికి మెయిల్‌లో ఒక్క మాట జవాబు చాలు. మూడోది, రెండో అంతస్తు మెట్ల ల్యాండింగ్ గురించి, మాట్లాడి తేల్చుకోవాలి. 20 నిమిషాలు సరిపోతాయి.

దానికి మూడు సమయాలు సూచిస్తున్నాను. అన్నీ న్యూజెర్సీ సమయంలో:

1. మార్చి 12, బుధవారం ఉదయం 9:30 (నాకు రాత్రి 7:00)
2. మార్చి 12, బుధవారం ఉదయం 11:00 (నాకు రాత్రి 8:30)
3. మార్చి 13, గురువారం ఉదయం 8:30 (నాకు సాయంత్రం 6:00)

కుదిరే అంకె చెప్తే చాలు, ఆహ్వానం నేను పంపుతాను. ఏదీ కుదరకపోతే మీకు వీలైన వేళ చెప్పండి.

ఈ మూడింటిలో ఏది కుదిరినా శుక్రవారం డ్రాయింగుల గడువు మారదు. మంగళవారం కాల్ మామూలుగా మీ 9:30కే ఉంటుంది. నా వైపు సమయం సరిచేసుకున్నాను."

మొదటి వాక్యంలో జరిగినదే ఉంది, దానికి ముందు ఏ ఉపోద్ఘాతమూ లేదు. ఎదురుచూసినవాళ్లు ఇద్దరని, ఎంతసేపు చూశారని చెప్పడం వల్ల వాళ్ల సమయం ఎంత పోయిందో నాకు తెలుసని వాళ్లకు అర్థమవుతుంది. కారణానికి ఒక్క వాక్యం చాలు. ఆహ్వానం సరిగానే ఉందని చెప్పడం ఆయనకు అవసరం, లేకపోతే తన క్యాలెండర్‌లో ఏదో తేడా ఉందేమోనని ఆయన వెతుక్కోవాల్సి వస్తుంది.

ప్రశ్నలు జతచేయడం వల్ల కొత్త కాల్ పొడవు తగ్గింది. తప్పిన కాల్ ముప్పావుగంటది. మళ్లీ ముప్పావుగంట అడిగితే ఆయన రోజులో అంత ఖాళీ దొరకడం కష్టం. ఇరవై నిమిషాలంటే ఎక్కడైనా దొరుకుతుంది. తప్పు చేసినవాళ్లు ఎదుటివాళ్ల సమయాన్ని ఇంకా ఎక్కువ అడగకుండా తగ్గించి అడగడం అన్నిటికన్నా గట్టి క్షమాపణ అని పెద్దాయన అన్నారు. ఆ మాట అప్పటి నుంచి నాకు బాగా గుర్తుంది.

ఇక సమయం రాసిన తీరు. తేదీ, వారం రెండూ ఉన్నాయి. ఒకదానిలో అచ్చుతప్పు పడినా రెండోది పట్టిస్తుంది. ముందు ఆయన ఊరి సమయం, కుండలీకరణాల్లో నాది. EST, EDT లాంటి పొట్టి పేర్ల జోలికి పోకుండా ఊరి పేరే రాశాను. న్యూజెర్సీ సమయం అంటే ఆ రోజు ఆ గోడ మీద కనిపించేదే, దానికి రెండో అర్థం లేదు. నా సమయం పక్కన రాయడంలోనూ ఒక ప్రయోజనముంది. ఒకవేళ నేను మళ్లీ లెక్క తప్పితే, చదివిన ఆయనకైనా, మా ఆఫీసులో ఇంకెవరికైనా ఆ తేడా కంటికి కనబడుతుంది.

సూచించిన మూడు వేళలూ ఆయన పనిగంటల్లోనే ఉన్నాయి. నాకు వీలైన మధ్యాహ్నం రెండింటికి అని అడిగి ఉంటే అది ఆయనకు తెల్లవారుజామున నాలుగున్నర అయ్యేది. మూడోది గురువారం ఇచ్చినా, ఆ తర్వాత ఒక పూర్తి రోజు మిగిలేలా చూసుకున్నాను. లేకపోతే శుక్రవారం గడువు గురించి ఇచ్చిన మాట నిలిచేది కాదు.

లండన్ ముడి

మరో చిక్కు నాకు ఆ నెలలోనే ఎదురైంది. మా క్లయింట్‌కు డిజైన్ చేసే ఇంజనీరు ఒకరు లండన్‌లో ఉంటారు. నెలకు ఒకటి రెండుసార్లు ఆయన కూడా మంగళవారం కాల్‌లోకి వస్తారు. మార్చి 18 కాల్‌కు ఆయన్ని పిలవాల్సి వచ్చింది.

బ్రిటన్‌లోనూ యూరప్‌లోనూ గడియారం జరిగేది మార్చి చివరి ఆదివారం. 2025లో అది మార్చి 30. అంటే అమెరికా జరిగాక మూడు వారాలపాటు బ్రిటన్ ఇంకా చలికాలపు సమయంలోనే ఉంటుంది. మామూలుగా న్యూయార్క్‌కూ లండన్‌కూ తేడా ఐదు గంటలు, ఆ మూడు వారాలు మాత్రం నాలుగే. మార్చి 18న న్యూజెర్సీ తొమ్మిదిన్నర లండన్‌లో మధ్యాహ్నం ఒకటిన్నర. ఆయనకు అలవాటైనది రెండున్నర. ఏప్రిల్ 1 మంగళవారానికి మళ్లీ రెండున్నరే అవుతుంది.

మన లెక్కలోంచి చూస్తే న్యూయార్క్‌తో తేడా మార్చి 9న మారితే, లండన్‌తో తేడా మార్చి 30న ఐదున్నర నుంచి నాలుగున్నరకు మారుతుంది. ఒకే మెయిల్‌లో మూడు ఊళ్లకు సమయం ప్రతిపాదిస్తున్నప్పుడు, ముఖ్యంగా ఈ మూడు వారాల్లో, నోటిలెక్కను నమ్మకూడదు. ఒక్కో తేదీకి ఒక్కో ఊరి సమయాన్ని విడిగా చూసుకోవాలి. "వచ్చే వారం నుంచి ప్రతి మంగళవారం ఇదే వేళ" అని నా మెయిల్‌లో రాసి ఉంటే, మార్చి 30 తర్వాత ఆ వాక్యం లండన్ ఆయనకు అబద్ధమైపోయేది. అక్టోబరులోనూ ఇలాంటి ఒక వారం వస్తుంది. యూరప్ అక్టోబరు చివరి ఆదివారం వెనక్కి జరుగుతుంది, అమెరికా నవంబరు మొదటి ఆదివారం.

అమెరికా అంతా ఒకేలా జరుగుతుందనుకోవడమూ పొరపాటే. అరిజోనా రాష్ట్రంలో నవాహో ప్రాంతం తప్ప మిగతా చోట్ల గడియారం జరపరు. ఫీనిక్స్‌లో క్లయింట్ ఉంటే మనకూ ఆయనకూ తేడా ఏడాదంతా పన్నెండున్నర గంటలే. ఆస్ట్రేలియాలోని సిడ్నీది ఇంకో తీరు. అక్కడ వేసవి మనకు చలికాలం కాబట్టి అక్టోబరు మొదటి ఆదివారం ముందుకు, ఏప్రిల్ మొదటి ఆదివారం వెనక్కి జరుపుతారు. ఇవన్నీ కంఠస్థం చేయనక్కర్లేదు. క్లయింట్ ఊరి పేరు తెలిస్తే, ఆ తేదీకి ఆ ఊళ్లో ఎంతవుతుందో క్యాలెండరే చెబుతుంది.

మళ్లీ తప్పకుండా

ఆ వారం మేం మూడు మార్పులు చేసుకున్నాం. ఫోన్‌లో చేత్తో పెట్టుకున్న అలారాలు తీసేసి, క్యాలెండర్ ఇచ్చే గుర్తింపులనే నమ్ముకున్నాం. పది నిమిషాల ముందు మోగమని క్యాలెండర్‌కు చెబితే, గడియారం జరిగినప్పుడు ఆ మోత కూడా దానితోపాటే జరుగుతుంది.

రెండోది, గూగుల్ క్యాలెండర్ సెట్టింగుల్లో `Display secondary time zone` అన్నదానికి టిక్ పెట్టి న్యూయార్క్‌ను ఎంచుకున్నాం. అప్పటి నుంచి వారం పేజీలో మన గంటల పక్కనే వాళ్ల గంటలు కూడా కనబడుతున్నాయి. వచ్చే వారం పేజీకి వెళ్లి చూస్తే ఆదివారం ముందూ తర్వాతా ఆ అంకెలు ఎలా మారతాయో కంటికి కనిపిస్తుంది. ఆ ఒక్క చూపు చాలు.

మూడోది, గడియారం జరిగే ఆదివారానికి ముందు శుక్రవారం ప్రతి క్లయింట్‌కూ రెండు వాక్యాల మెయిల్ పంపడం. 2026లో ఆ ఆదివారాలు అమెరికాకు మార్చి 8, నవంబరు 1. యూరప్‌కు మార్చి 29, అక్టోబరు 25. వాటిని ఆఫీసు గోడ మీది క్యాలెండర్‌లో ఎర్ర సిరాతో చుట్టి పెట్టాం. పెద్దాయన దగ్గరుండి చుట్టించారు.

ఆ రాత్రి మెయిల్‌కు జవాబు అరగంటలో వచ్చింది. మొదటి రెండు ప్రశ్నలకు జవాబులున్నాయి. మూడోదానికి ఒకే ఒక్క అంకె రాశారు: 1. బుధవారం రాత్రి ఏడు గంటలకు రెండు నిమిషాలు ముందు లింకు తెరిచాను. ఏడింటికి ఆయనా ఫోర్‌మన్ గారూ వచ్చారు. ల్యాండింగ్ సంగతి పదిహేడు నిమిషాల్లో తేలింది. ముందురోజు గురించి ఎవరూ ఎత్తలేదు.

అక్టోబరు 31, శుక్రవారం నేను ఆయనకు పంపిన మెయిల్ ఇది: "ఈ ఆదివారం మీ గడియారం మారుతోంది. నవంబరు 4, మంగళవారం కాల్ మీ ఉదయం 9:30కే, నాకు రాత్రి 8:00." కింద ఆయన జవాబు: "సరిచూశాను, సరిగా ఉంది."